సీరియల్ టైమూ, క్లయింట్ కాలూ ఒకేసారి: రెండు బెడ్‌రూముల ఇంట్లో వర్క్ ఫ్రమ్ హోమ్

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. నేను, మావారు, నాలుగేళ్ల బాబు, అత్తయ్యగారు, మామయ్యగారు ఉంటాం. నా షిఫ్టు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది దాకా. ఆరున్నర నుంచి టీమ్స్‌లో అమెరికా క్లయింట్ కాల్స్ మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే హాల్లో సీరియళ్లు, వంటింట్లో మిక్సీ, బాబు తలుపు బాదడం. మామయ్యగారికి కాస్త వినికిడి తక్కువ, టీవీ పెద్దగా పెడతారు. మావారు ఎనిమిదికి గానీ రారు. నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ కొన్నాను, అయినా అవతలివాళ్లు "వెనక ఎవరో మాట్లాడుతున్నారు" అంటూనే ఉన్నారు. గట్టిగా చెబితే ఇంట్లో నొచ్చుకుంటారు. వేరే గది లేదు. ఏం చేయమంటారు?

జవాబు:

ముందు ఆ ఇయర్‌బడ్స్ సంగతి తేల్చేద్దాం. డబ్బా మీద రాసిన నాయిస్ క్యాన్సిలేషన్ మీ చెవుల కోసం, మీ క్లయింట్ చెవుల కోసం కాదు. ఫ్యాను హోరు, ఏసీ గుర్రుమనడం లాంటి ఆగకుండా వచ్చే శబ్దాలను అది మీకు వినపడకుండా చేస్తుంది. మీ మైకులోంచి అవతలికి ఏం వెళ్తుందో దానికి సంబంధం లేదు. పైగా నష్టం కూడా ఉంది. మీకు ఇల్లు ప్రశాంతంగా అనిపిస్తుంటుంది, అవతలివాళ్లకు మాత్రం సీరియల్ డైలాగులతో సహా వినపడుతుంటుంది.

నేను చాలా ఏళ్లుగా ఇళ్ల నుంచి పనిచేసే సపోర్ట్ టీమ్‌ను చూసుకుంటున్నాను. కొత్తగా చేరినవాళ్ల ఇల్లు వీడియోలో చూసి బల్ల ఎటు వేయాలో, హెడ్‌సెట్ ఏది వాడాలో చెప్పడం నా పనిలో భాగం. అందరిళ్లలోనూ కనిపించేది ఒకటే. శబ్దం మొత్తాన్ని ఒక్క ముద్దగా చూసి, ఇంట్లోవాళ్లందరినీ ఎనిమిది తొమ్మిది గంటలు నిశ్శబ్దంగా ఉండమంటారు. అది జరిగే పని కాదు. అడగాల్సింది చాలా తక్కువ. ఆ తక్కువ ఎంతో తేలాలంటే, మీ ఇంటి శబ్దాల్లో ఏది అసలు అవతలికి వెళ్తోందో ముందు తెలియాలి.

టీమ్స్‌లో Settings తెరిచి, Devices లోకి వెళ్తే Make a test call అని ఉంటుంది. అది నొక్కితే మీరు మాట్లాడింది కాసేపు రికార్డు చేసి మీకే వినిపిస్తుంది. ఒకసారి మిక్సీ ఆన్ చేయించి మాట్లాడండి. ఇంకోసారి కుక్కర్ విజిల్ వేసేటప్పుడు, మరోసారి టీవీ రోజూ పెట్టే సౌండ్‌లో ఉన్నప్పుడు. గది తలుపు మీరు కాల్‌లో ఎలా ఉంచుతారో అలాగే ఉంచాలి. ఫలితం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. మిక్సీ రొద చాలా మట్టుకు మాయమవుతుంది. విజిల్ కూడా తగ్గి ఎక్కడో దూరంగా వినపడుతుంది. టీవీలో మాట్లాడుతున్న ఆడపడుచు గొంతు మాత్రం స్పష్టంగా వచ్చేస్తుంది.

కారణం ఏమిటంటే, టీమ్స్ అయినా జూమ్ అయినా అందులో ఉండే నాయిస్ సప్రెషన్ మనిషి గొంతును ఉంచి మిగతాది తీసేసేలా తయారైంది. మిక్సీ మనిషి గొంతు కాదు కాబట్టి తీసేస్తుంది. సీరియల్లో అత్తగారి గొంతు మనిషి గొంతే. అది మీరో, టీవీయో దానికేం తెలుసు? అందుకే మీ క్లయింట్ "మిక్సీ మోగుతోంది" అనడం లేదు, "ఎవరో మాట్లాడుతున్నారు" అంటున్నారు. ఇంట్లో మనకు ఎక్కువ చిరాకు తెప్పించే శబ్దం ఒకటి, అవతలికి ఎక్కువ ఇబ్బంది పెట్టేది మరొకటి. వంటింటి మీద యుద్ధం మానేయండి. మీ సమస్య టీవీ, బాబు. ఈ రెండే.

టీమ్స్‌లోనే Voice isolation అని ఇంకో సదుపాయం ఉంది. మీ గొంతును ముందుగా కాసేపు రికార్డు చేసి పెట్టుకుని, మిగతా గొంతులను కూడా తీసేయడానికి చూస్తుంది. మీ ఆఫీసు అడ్మిన్ అనుమతిస్తేనే కనిపిస్తుంది. ఉంటే తప్పక పెట్టుకోండి. లేకపోయినా కంగారు పడక్కర్లేదు, ఎందుకంటే దానికంటే ముందు చేయాల్సింది ఒకటుంది.

మైకు నోటికి దగ్గరగా రావాలి. చెప్పేదింతే, కానీ అసలు బలం ఇందులోనే ఉంది. శబ్దం వచ్చే చోటికి దూరం సగమైన ప్రతిసారీ ఆ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. లాప్‌టాప్ మైకు మీ నోటికి దాదాపు 48 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకోండి. హెడ్‌సెట్ కాడకు ఉండే మైకు 3 సెంటీమీటర్లలో ఉంటుంది. 48 నుంచి 24, 12, 6, 3. నాలుగుసార్లు సగమైంది, అంటే మీ గొంతు 24 డెసిబెల్స్ దాకా పెరిగింది. హాల్లో టీవీ మాత్రం ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంది, దాని శబ్దం పెరగలేదు. ఇప్పుడు మైకు సెన్సిటివిటీ తగ్గించుకోవచ్చు. తగ్గించగానే మీ గొంతు మామూలు స్థాయికి వస్తుంది, టీవీ అడుగుకు పోతుంది.

ఇయర్‌బడ్స్‌లో మైకు చెవి దగ్గర ఉంటుంది, నోటి దగ్గర కాదు. పైగా చాలా లాప్‌టాప్‌లలో బ్లూటూత్ ఇయర్‌బడ్ మైకు ఆన్ కాగానే సౌండ్ నాణ్యత పడిపోయి పాత ఫోన్లో మాట్లాడినట్టు ఉంటుంది. అందుకని యూఎస్‌బీ వైరుతో వచ్చే, నోటి ముందుకు కాడ ఉన్న హెడ్‌సెట్ తీసుకోండి. కాల్ సెంటర్ వాళ్లు పెట్టుకునే రకం. ఖరీదైనది అక్కర్లేదు, ఆఫీసులో అడిగితే వాళ్లే పంపించొచ్చు కూడా. మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవుల చివర, రెండు వేళ్ల వెడల్పు దూరంలో పెట్టుకోండి. ఎదురుగా పెడితే ఊపిరి తగిలి 'ప', 'బ' అక్షరాలు టప్పుమంటాయి.

ఆ Devices పేజీలోనే Automatically adjust mic sensitivity అనే మీట ఉంటుంది. అది ఆపేయండి. ఆన్‌లో ఉంటే మీరు మాట్లాడనప్పుడు "శబ్దం తక్కువగా ఉంది" అనుకుని మైకును తనంతట తనే పెంచేస్తుంది. మీరు అన్‌మ్యూట్‌లో ఉండి వింటున్న ఆ నాలుగు క్షణాల్లోనే టీవీ గొంతు పైకి లేస్తుంది. ఆపేశాక మళ్లీ టెస్ట్ కాల్ చేసి, మీ గొంతు మామూలుగా వినపడేంత వరకే స్థాయి పెట్టుకోండి.

మీరు కూర్చునే దిక్కు కూడా చూడాలి. దాదాపు అందరూ బల్లను గోడకు ఆనించి, గోడ వైపు మొహం, తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంటారు. కాడ మైకులు చాలావరకు నోటివైపు నుంచి వచ్చే శబ్దాన్ని ఎక్కువగా, అవతలి వైపుది తక్కువగా తీసుకుంటాయి. అంటే మీ వెనక తలుపు ఉంటే, మైకు చూపు మీ నోటి మీదుగా నేరుగా తలుపు మీదికే. కెమెరా చూపూ అదే. అత్తయ్యగారు ఆరేసిన బట్టలు తీసుకోవడానికి గదిలోకి వస్తే క్లయింట్‌కు కనిపించేది కూడా అందుకే. బల్లను తిప్పి, మీ వీపు వెనక బట్టల బీరువా గానీ ఉత్త గోడ గానీ, మొహం తలుపు వైపు ఉండేలా కూర్చోండి. బీరువా తలుపులు తీసి ఉంచితే ఇంకా మంచిది, లోపలి బట్టలు గదిలో ప్రతిధ్వనిని కాస్త మింగుతాయి. మంచం, పరుపు, మందపాటి కర్టెన్ ఉన్న మూల అయితే మరీ మంచిది. గోడకు స్పాంజ్ షీట్లు అంటించమని ఎవరైనా చెబితే వినకండి. అవి గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ బయట శబ్దాన్ని లోపలికి రాకుండా ఆపవు. గుడ్ల ట్రేలైతే దండగ.

బయటి శబ్దం ఆపాలంటే తలుపును చూడాలి. మీ గదికీ హాలుకీ మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఉంటే, ప్లాస్టరింగ్‌తో కలిపి అది 40 డెసిబెల్స్ దాకా ఆపుతుంది. మామూలు ఫ్లష్ డోర్ 20 కూడా ఆపదు, ఎందుకంటే దాని కింద సందు ఉంటుంది. లోపలి గదులకు ఇప్పుడెవరూ గడప పెట్టడం లేదుగా. రాత్రి గదిలో లైటు ఆర్పి, హాల్లో లైటు వేసి చూడండి. తలుపు చుట్టూ ఎక్కడెక్కడ వెలుగు గీత కనిపిస్తుందో అక్కడల్లా శబ్దం వస్తుంది. కింది సందుకు రెండు వైపులా ఫోమ్ గొట్టాలుండే డోర్ సీల్ ఆన్‌లైన్లో దొరుకుతుంది, తలుపు కిందికి తోసేస్తే చాలు. పక్కలకూ పైనా ఫోమ్ టేపు అంటించండి. సీల్ వచ్చేలోగా పాత చీరను గట్టిగా చుట్టి అడ్డం పెట్టినా పనిచేస్తుంది, కాకపోతే తలుపు తీసిన ప్రతిసారీ సర్దుకోవాలి.

ఇక టీవీ. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడే ఇళ్లలో మాటామాటా వచ్చేది.

మామయ్యగారు సౌండ్ పెంచేది పంతంతో కాదు. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలను తినేస్తుంది. 'స', 'శ', 'త', 'ప' లాంటి హల్లులు సరిగా అందవు. దానివల్ల గొంతు వినపడుతుంది గానీ మాట అర్థం కాదు. "వినపడుతోంది కానీ తెలియడం లేదు" అని పెద్దవాళ్లు అనేది ఇదే. మాట తెలియక సౌండ్ పెంచుతారు, పెంచినా నేపథ్య సంగీతమే ఎక్కువ పెరుగుతుంది, ఇంకా పెంచుతారు. కాబట్టి "మామయ్యగారూ, కాస్త తగ్గించండి" అంటే ఆయనకు వినపడేది "సీరియల్ అర్థం కాకుండా చూడండి" అని. తగ్గిస్తారు, పది నిమిషాల్లో తెలియకుండానే మళ్లీ పెంచుతారు. ఆయన తప్పేమీ లేదు.

చేయాల్సింది, మాట తేటగా ఆయన చెవి దగ్గరికి చేరేలా చూడటం. టీవీ సౌండ్ సెట్టింగుల్లో మాటలను ముందుకు తెచ్చే మోడ్ ఏదో ఒకటి ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, క్లియర్ వాయిస్, డైలాగ్, న్యూస్ ఇలా. సినిమా మోడ్‌లో ఉంటే తీసి అది పెట్టండి. తర్వాత ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్‌ను ఆయన కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టి టీవీకి కలపండి. టీవీకి బ్లూటూత్ లేకపోతే ఆక్స్ వైరుతో. టీవీ ఆయనకు నాలుగు మీటర్ల దూరంలో ఉండి, స్పీకర్ మీటరు దూరంలో ఉంటే, అదే పెద్ద శబ్దం ఆయన చెవికి చేరడానికి 12 డెసిబెల్స్ తక్కువ సౌండ్ చాలు. హాల్లో గోడల ప్రతిధ్వని వల్ల కాగితం మీది లెక్క పూర్తిగా రాదు. సగం వచ్చినా మీ గదిలో తేడా తెలిసిపోతుంది. మెడకు వేసుకునే ఇయర్‌ఫోన్స్ ఇద్దామని చాలామందికి అనిపిస్తుంది గానీ, అత్తయ్యగారూ కలిసి చూస్తారు కదా, ఇయర్‌ఫోన్‌కు కలిపితే చాలా టీవీల్లో స్పీకర్ మూగబోతుంది. ఆవిడకు వినపడదు. స్పీకరే నయం. స్పీకర్‌ను మీ గది గోడకు ఆనుకున్న వైపు పెట్టకండి, మీ తలుపుకు ఎదురుగానూ పెట్టకండి.

ఇది ఇంట్లో చెప్పే తీరు కూడా మారిపోతుంది. "నాకోసం తగ్గించండి" అనక్కర్లేదు. "మామయ్యగారూ, మాట తేటగా వినపడుతుందని స్పీకర్ తెచ్చాను, ఎలా ఉందో చూడండి" అంటే చాలు. ఆయనకు లాభం, మీకు లాభం. "రేపొద్దున రిపీట్ వస్తుంది, అప్పుడు చూడండి" అని మాత్రం అనకండి. రోజంతా ఆ రెండు గంటల కోసం ఎదురుచూసేవాళ్లకు ఆ మాట గుచ్చుకుంటుంది. మీవారితో చెప్పించడం కూడా నాకు నచ్చదు. కొడుకు నోట వస్తే "కోడలు చెప్పి పంపింది" అవుతుంది, సౌండ్ సంగతి పోయి ఇంకేదో మొదలవుతుంది.

వంటింటి గురించి రెండు ముక్కలు. మిక్సీ కింద రబ్బరు మ్యాటు వేస్తే గట్టు అదిరి వచ్చే రొద తగ్గుతుంది. టవల్ మడిచి వేయకండి, అడుగున గాలి రంధ్రాలు మూసుకుని మోటారు వేడెక్కుతుంది. కుక్కర్‌కు మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి నిమిషాలు లెక్కపెట్టుకుంటే అన్నం, పప్పు చక్కగా ఉడుకుతాయి. విజిల్ అంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోవడమే. ఇంతకు మించి వంటింటిని కదిలించకండి.

ఇప్పుడు మనుషుల సంగతి. ఇంట్లో ఉన్నారు కాబట్టి ఖాళీగా ఉన్నారు అనుకోవడం వాళ్ల తప్పు కాదు. మీరు తలుపు వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు మాట్లాడుతున్నారో, వింటున్నారో, మెయిల్ రాస్తున్నారో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఏసీ కోసమూ తలుపు వేస్తారు, పడుకోవడానికీ వేస్తారు. మూసిన తలుపుకు అర్థం లేకుండా పోయింది. అందుకే కొంతమంది ఎప్పుడూ భయపడుతూ గుసగుసలాడతారు, కొంతమంది అసలు పట్టించుకోరు.

మా టీమ్‌లో గుంటూరు నుంచి పనిచేసే ఒకమ్మాయికి ఇదే గొడవ. తలుపుకు "మీటింగ్‌లో ఉన్నాను" అని కాగితం అంటించింది. కాగితం పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడే ఉండేది. మూడో రోజుకు అది గోడ మీది క్యాలెండర్‌తో సమానం అయిపోయింది, ఎవరూ చూడటం మానేశారు. నేను తనను ఒక వారం పాటు మైకు నిజంగా ఆన్‌లో ఉన్న సమయం రాసుకోమన్నాను. మీటింగుల సమయం కాదు, తను మాట్లాడిన సమయం. ఎనిమిది గంటల షిఫ్టులో అది గంట దాటలేదు. కాగితం తీసేసి, మైకు ఆన్ చేసేటప్పుడు మాత్రమే వెలిగే లైటు పెట్టించాం. లైటు రోజుకు కొద్దిసేపే వెలుగుతుంది కాబట్టి, వెలిగినప్పుడు వాళ్ల అమ్మగారు నిజంగానే ఆగేవారు.

మీరూ అలా చేయండి. యూఎస్‌బీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ లైటు ఒకటి, పొడుగు వైరుతో. లైటు తలుపు బయట, బాబు కళ్లకు ఆనేంత ఎత్తులో. స్విచ్ మీ బల్ల మీద. వైరు సన్నగా ఉంటే డోర్ సీల్ కిందనుంచే వెళ్లిపోతుంది. ఒక్కటే నియమం. లైటు వెలిగితే గది బయట అరుపులు, తలుపు కొట్టడం ఉండవు. లైటు ఆరిపోతే ఎవరైనా రావచ్చు, తలుపు వేసి ఉన్నా సరే. రెండో సగం మొదటి దానికంటే ముఖ్యం. మీరు మ్యూట్‌లో ఉండి వింటున్నప్పుడు అత్తయ్యగారు వచ్చి కాఫీ ఇచ్చి వెళ్తే ఏం పోయింది? అలా రానిస్తేనే లైటు వెలిగినప్పుడు వాళ్లకు కష్టంగా ఉండదు. మీరు కూడా మ్యూట్‌లోనే ఉండి, చిన్న మాట చెప్పాల్సివస్తే Ctrl, స్పేస్ బార్ కలిపి నొక్కి పట్టుకుని మాట్లాడి వదిలేయండి. టీమ్స్‌లో నొక్కి ఉన్నంతసేపే మైకు ఆన్‌లో ఉంటుంది. అన్‌మ్యూట్ చేసి మర్చిపోవడం అనేది ఉండదు.

మీ సాయంత్రం ఎలా ఉండొచ్చో ఒకసారి వేసి చూద్దాం. ఆరున్నర నుంచి ఏడు దాకా రోజువారీ స్టాండప్ అనుకుందాం. అరగంటలో మీ వంతు అయిదు నిమిషాలు. ఎనిమిది నుంచి ముప్పావు గంట క్లయింట్‌తో చర్చ, ఇందులో మీరు ఎక్కువ మాట్లాడతారు. తొమ్మిదింబావుకు పదిహేను నిమిషాలు పని అప్పగింత. మొత్తం కలిపితే లైటు వెలగాల్సింది గంటో, అయిదు పది నిమిషాలు ఎక్కువో.

ఆరున్నరకు మామయ్యగారు బాబును తీసుకుని కిందికి వాకింగ్‌కు వెళ్లగలిగితే ఒక్క దెబ్బకు రెండు సమస్యలూ పోతాయి. బాబు బయట ఉంటాడు. టీవీ సౌండ్ పెద్దగా పెట్టేది మామయ్యగారి కోసమే కాబట్టి, ఆయన లేనప్పుడు అత్తయ్యగారు మామూలు సౌండ్‌లోనే చూసుకుంటారు. ఆయన ఇప్పటికే పొద్దున వాకింగ్ చేస్తుంటే ఇది అదనం అనిపించవచ్చు, వర్షాకాలంలో కుదరకపోవచ్చు. కుదిరిన రోజు కుదిరినట్టు. ఎనిమిది గంటల కాల్‌కు మీవారు వచ్చేసి ఉంటారు. ఆ ముప్పావు గంట బాబుకు అన్నం పెట్టడం, స్నానం, అన్నీ ఆయనవి. "బాబును కాస్త చూస్తూ ఉండండి" అని అందరికీ చెబితే ఎవరూ చూడరు. పేరు పెట్టి, టైము పెట్టి ఒక్కరికే చెప్పాలి. తొమ్మిదింబావుకు బాబు నిద్రలో ఉంటాడనుకుందాం, లేదా ఉండాలని కోరుకుందాం.

నాలుగేళ్ల పిల్లాడికి "పది నిమిషాలు ఆగు" అంటే అర్థం కాదు. లైటు అర్థమవుతుంది. కానీ కాల్ మొదలయ్యే ముందు వాడి వాటా వాడికి ఇచ్చేయాలి. ఆరుంపావుకు హెడ్‌సెట్, ఫోను గదిలో వదిలి బయటికొచ్చి పది నిమిషాలు వాడితోనే ఉండండి, ఫోను చూడకుండా. అంతసేపూ తలుపు వెనకే ఉండి, సరిగ్గా కాల్ టైముకు బయటికి తొంగిచూసి లోపలికి వెళ్తే వాడు తలుపు బాదకుండా ఎలా ఉంటాడు? లైటు ఆరిన వెంటనే ఒకసారి తలుపు తీసి వాడిని పిలవండి. నాలుగైదు రోజులు అలా జరిగితే లైటు ఆరితే అమ్మ వస్తుందని వాడికి నమ్మకం కుదురుతుంది. అయినా ఒకరోజు లోపలికి వచ్చేస్తాడు. రానివ్వండి, మ్యూట్ నొక్కి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. అమెరికాలోనూ పిల్లలున్నారు.

ఒకటి మర్చిపోవద్దు, మీ గొంతు కూడా ఇంట్లోవాళ్లకు గోలే. చెవులు రెండూ మూసేసే హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మన మాట మనకు వినపడక తెలియకుండానే గట్టిగా మాట్లాడతాం. రాత్రి తొమ్మిదిన్నరకు పక్క గదిలో పెద్దవాళ్లు పడుకునే వేళ అది అరుపులాగే ఉంటుంది. వాళ్లు చెప్పరు, మొహమాటం. ఒక చెవికే ఉండే హెడ్‌సెట్ తీసుకోండి, లేదా ఒక చెవి పక్కకు జరుపుకోండి. మైకు మూడు సెంటీమీటర్లలో ఉంది కాబట్టి పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినంత మెల్లగా మాట్లాడినా అవతలికి బాగా వినపడుతుంది. ఇది మీరుగా మొదలుపెడితే టీవీ మాట ఎత్తడం కూడా తేలికవుతుంది.

పది తర్వాత లాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టేయండి, బల్ల మీద తెరిచి ఉంచొద్దు. మీరు పడుకునే గదీ అదే కాబట్టి చెబుతున్నాను. ఫోన్లో టీమ్స్ నోటిఫికేషన్ల సెట్టింగుల్లో Quiet time అని ఉంటుంది, పదింబావు నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా పెట్టేసుకోండి. నిజంగా అవసరమైతే ఫోన్ చేస్తారు.

అమెరికా టైములతో ఉండే చిక్కు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, నవంబరు నుంచి ఏడున్నర. అంటే మీరు ఇప్పుడు కుదుర్చుకున్న వాకింగ్, అన్నం, సీరియల్ లెక్క అంతా ఒక్క రాత్రిలో గంట పక్కకు జరుగుతుంది. ఎనిమిది గంటల కాల్ తొమ్మిదికి వస్తే మీవారు ఎలాగూ ఇంట్లో ఉంటారు, అది నయమే. స్టాండప్ ఏడున్నరకు వచ్చి, సరిగ్గా మామయ్యగారికి ఇష్టమైన సీరియల్ మీద పడొచ్చు. వారం ముందే క్యాలెండర్ మీద రాసి, వంటింట్లో తగిలించండి.

వీటికి లొంగనివి కొన్ని ఉంటాయి. పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ చేస్తే డోర్ సీల్ ఏమీ చేయదు, ఎందుకంటే అది గాల్లోంచి కాదు, స్లాబులోంచి వస్తుంది. పండగ మైకులకూ డోర్ సీల్ సరిపోదు. అలాంటి రోజుకు మీ మేనేజర్‌తో ముందే ఒక మాట అనుకుని ఉండండి. "శబ్దం ఎక్కువగా ఉంటే నా అప్‌డేట్ చాట్‌లో పెడతాను, చర్చకు మాత్రం మాట్లాడతాను" అని. కాల్ మధ్యలో పదిసార్లు సారీ చెప్పడం కంటే అది మర్యాదగా ఉంటుంది. మీ పనిలో రోగుల వివరాలు, బ్యాంకు ఖాతాల వివరాలు లాంటివి ఉంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు బయటి శబ్దం లోపలికి రావడం కాదు, మీ మాట బయటికి వెళ్లడం సమస్య. హెడ్‌సెట్‌లో వినేది ఎవరికీ వినపడదు గానీ మీరు చదివి చెప్పే పేర్లు, నంబర్లు వినపడతాయి. అలాంటి కాల్స్‌కు బాబును ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, తలుపు ఓరగా ఉంచడం కుదరదు, మీ కంపెనీ నిబంధనలు చూసుకోండి.

చేసే వరుస అడిగితే, ఈ వారం టెస్ట్ కాల్, హెడ్‌సెట్, బల్ల తిప్పడం. వీటికి ఇంట్లో ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. అవి అయ్యాక మళ్లీ టెస్ట్ కాల్ చేస్తే టీవీ ఎంత మిగిలిందో తెలుస్తుంది, దాన్ని బట్టి డోర్ సీల్, స్పీకర్. లైటు సంగతి ఆ తర్వాత. ఇంకొకటి, మామయ్యగారిని ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఆడియోమెట్రీ చేయించండి. ఒక్కోసారి చెవిలో గులిమి గట్టిపడి కూడా ఇలాగే వినపడదు, అది తీసేయడం కాసేపటి పని. మీ కాల్స్‌తో సంబంధం లేకపోయినా చేయించాల్సిందే.